ఊరుమ్మడి మేత బీడు హద్దులకు జీపీఎస్ పాయింట్లు తీయడం ఎలా: వలంటీర్లకు క్షేత్ర సూచనలు

ఫోను గానీ, చేతిలో పట్టుకునే జీపీఎస్ పరికరం గానీ తీసుకొని ఊరుమ్మడి మేత బీడు చుట్టూ నడిచి హద్దు పాయింట్లు సేకరించే వారి కోసం ఈ సూచనలు రాస్తున్నాను. ముందుగా ఒక విషయం స్పష్టంగా తెలుసుకొని బయలుదేరండి. ఆకాశం బాగా కనిపించే చోట కూడా మామూలు ఫోను చూపే స్థానం అసలు స్థానానికి సుమారు 5 మీటర్ల అటూ ఇటూగా ఉంటుంది. అందువల్ల బీడు ఎక్కడ ఉంది, దాదాపు ఎంత విస్తీర్ణం ఉంది, ఏ వైపున ఎవరి పొలాలు ఆనుకొని ఉన్నాయి, హద్దురాళ్లలో ఏవి మిగిలాయి, ఏవి పోయాయి అన్న సంగతులను మీ పటం చక్కగా చూపగలదు. రెండు మీటర్ల గట్టు ఎవరిదన్న తగాదాను మాత్రం అది తేల్చలేదు. ఆ పని సర్వేయరుది. ఊళ్లో ఎవరైనా మీ ఫోనును చూపించి తీర్పు చెప్పమని అడిగితే ఇదే మాట నెమ్మదిగా చెప్పండి.

ముందు రోజు చేయవలసినవి

జట్టుకు ముగ్గురు చాలు. ఒకరు పరికరం పట్టుకుంటారు, ఒకరు నోటు పుస్తకం రాస్తారు, మూడో వ్యక్తి దారి చూపే పెద్దలతో మాట్లాడుతూ టేపు పట్టుకుంటారు. పరికరం, పుస్తకం ఒకరి చేతిలోనే ఉంటే ఏదో ఒకటి వెనకబడుతుంది, సాధారణంగా వెనకబడేది పుస్తకమే. పెన్సిల్‌తో రాయండి, ఎందుకంటే మంచుకు, చెమటకు పెన్ను రాత చెరిగిపోతుంది. టేపు 30 మీటర్లది ఉంటే సరిపోతుంది.

బీడును రోజూ తొక్కేవారిని వెంట తీసుకువెళ్లండి. హద్దు గురించి పశువుల కాపరికి తెలిసినంత కాగితం మీద పటం చూసినవారికి తెలియదు. బీడును ఆనుకొని పొలాలున్న రైతులకు కూడా ముందు రోజే కబురు పెట్టండి. చెప్పకుండా వారి గట్టు మీద ఫోను పట్టుకొని నిలబడితే, మీరు ఎంత మంచి పని మీద వెళ్లినా అనుమానం మొదలవుతుంది, ఆ తర్వాత వారు చెప్పే మాట కూడా మారిపోతుంది. పక్క ఊరితో కలిసే హద్దు ఉంటే ఆ ఊరివారు కనీసం ఇద్దరు ఆ భాగం వరకు మీతో నడవాలి.

పరికరంలో రెండు అమరికలు సరిచూసుకోండి. మొదటిది, స్థానాలు WGS 84 పద్ధతిలో ఉండాలి. పాత పటాలు వేరే ఆధారం మీద తయారై ఉండవచ్చు, ఆ రెండింటినీ కలిపితే బీడు మొత్తం పదుల మీటర్లో, వందల మీటర్లో పక్కకు జరిగి కనిపిస్తుంది. రెండోది, అక్షాంశ రేఖాంశాలు దశాంశాలలో ఉండాలి, చుక్క తర్వాత కనీసం ఐదు అంకెలు కనిపించాలి. ఐదో అంకె ఒకటి మారితే ఉత్తర దక్షిణ దిశలో సుమారు 1.1 మీటరు జరిగినట్టు, కాబట్టి మన పనికి అంత వివరం సరిపోతుంది. డిగ్రీలు, నిమిషాల లెక్కలో చూపే పరికరాన్ని చూసి దశాంశంగా రాసుకోవడం నేను తరచుగా చూసిన పొరపాటు. 15 డిగ్రీల 30 నిమిషాలు అంటే 15.5 డిగ్రీలు, దాన్ని 15.30 అని రాస్తే పాయింట్ సుమారు 22 కిలోమీటర్ల దూరంలో పడుతుంది. అంత పెద్ద తప్పు పటం మీద వెంటనే కనిపిస్తుంది కనుక దానితో ప్రమాదం తక్కువ. చిన్న తప్పులే దాక్కుంటాయి.

బీడులో ఫోను సిగ్నల్ లేకపోయినా ఇబ్బంది లేదు, ఉపగ్రహాల నుంచి వచ్చే సంకేతాలకు నెట్‌వర్క్‌తో పని లేదు. కాకపోతే నెట్‌వర్క్ లేని చోట మొదటి స్థానం దొరకడానికి కొన్ని నిమిషాలు పట్టవచ్చు. అందుకే ఊళ్లో ఉండగానే యాప్ తెరిచి, అవసరమైన పటాన్ని దించుకొని, స్థానం ఒకసారి దొరికాక బయలుదేరండి.

ఒక పాయింట్ తీసే పద్ధతి

హద్దు గుర్తు దగ్గరకు చేరగానే మీట నొక్కకండి. నడుస్తూ వచ్చిన పరికరం స్థిరపడడానికి కొంత సమయం కావాలి. ఫోనును ఒంటికి దూరంగా, ముఖం ఎత్తులో, తెర ఆకాశం వైపు ఉండేలా పట్టుకొని కదలకుండా రెండు నిమిషాలు నిలబడండి. కచ్చితత్వంగా యాప్ చూపే అంకె తగ్గుతూ వచ్చి ఒక చోట నిలుస్తుంది. అది 5 లేదా అంతకు తక్కువ ఉంటే సరే. 10 దాటి ఉంటే ఆ పాయింట్‌ను భద్రపరచి, పుస్తకంలో దాని పక్కన "మళ్లీ తీయాలి" అని రాసుకోండి.

ఆ అంకె మీద మరీ ఎక్కువ నమ్మకం పెట్టుకోవద్దు. అది పరికరం తనకు తానుగా వేసుకున్న అంచనా. ఆండ్రాయిడ్ ఫోన్లలో "4 మీటర్లు" అంటే అసలు స్థానం ఆ 4 మీటర్ల వలయం లోపల ఉండే అవకాశం 68 శాతం అని అర్థం, అంటే మూడింట ఒకసారి అసలు స్థానం ఆ వలయం బయట ఉంటుంది. ఒకే చోట పది నిమిషాలు నిలబడి సగటు తీసినా లోపం పూర్తిగా పోదు, ఎందుకంటే ఆ పది నిమిషాలలోని రీడింగులన్నీ దాదాపు ఒకే వైపు ఒరిగి ఉంటాయి. ఉపగ్రహాలు ఆకాశంలో చోటు మారాక, అంటే కనీసం ఒకటి రెండు గంటల తర్వాత వచ్చి తీసిన రెండో రీడింగే నిజమైన సాక్ష్యం. అన్ని పాయింట్లకూ ఇలా చేయలేరు. ముఖ్యమైన మూలలకు, తగాదా ఉన్న చోట్లకు మాత్రం తప్పక చేయండి.

పెద్ద చెట్టు కింద, ఎత్తైన గోడ పక్కన, కొండ అంచున సంకేతాలు బలహీనపడతాయి, లేదా ఎదుటి దాన్ని తాకి వంకరగా వచ్చి పరికరాన్ని పక్కదారి పట్టిస్తాయి. వాన కురిసిన తర్వాత తడి ఆకుల కింద ఈ లోపం ఇంకా ఎక్కువ. అలాంటి చోట మూలరాయి ఉంటే దాని దగ్గరే నిలబడి కాలం వృథా చేయకండి. ఆకాశం బాగా కనిపించే రెండు చోట్లను ఎంచుకొని, రెండు చోట్లా పాయింట్లు తీసి, ఒక్కొక్క చోటు నుంచి రాయి వరకు టేపుతో దూరం కొలిచి రాయండి. రాయి నుంచి చూస్తే ఆ రెండు చోట్లు ఇంచుమించు లంబకోణంలో విడిపోయి ఉండాలి. రాయి వాటికి ఏ వైపున ఉందో కూడా చిన్న బొమ్మ గీసి చూపండి, లేకపోతే అవే రెండు దూరాలకు పటం మీద రెండు చోట్లు సరిపోతాయి.

ఎక్కడెక్కడ తీయాలి

గుర్తించదగిన రాయి దగ్గర మొదలుపెట్టి, బీడు ఎప్పుడూ మీ కుడి చేతి వైపు ఉండేలా ఒకే దిశలో నడవండి. పాయింట్లకు నడిచిన వరుసలోనే 1, 2, 3 అని సంఖ్యలు ఇవ్వండి. మధ్యలో ఒకటి మరిచిపోయి తర్వాత తీస్తే దాన్ని వరుస చివర చేర్చకండి, 5కీ 6కీ మధ్యదైతే 5అ అని పేరు పెట్టండి. వరుస తప్పితే పటంలో గీతలు ఒకదాన్నొకటి ఖండించుకొని, బీడు ముడివేసిన గుడ్డలా కనిపిస్తుంది, విస్తీర్ణం లెక్క కూడా తప్పుతుంది.

హద్దు మలుపు తిరిగిన ప్రతి చోటా పాయింట్ కావాలి. వంపులు తిరిగే వాగు వెంట ఎన్ని తీయాలన్న సందేహం అందరికీ వస్తుంది. వెనక తీసిన పాయింట్ నుంచి మీరు నిలబడిన చోటుకు ఒక తాడు బిగించి కట్టినట్టు ఊహించుకోండి. ఆ తాడుకూ అసలు హద్దుకూ మధ్య ఎక్కడైనా 5 మీటర్లకు మించి ఎడం వస్తుందనిపిస్తే మధ్యలో ఇంకొక పాయింట్ తీయండి. అంతకంటే దగ్గర దగ్గరగా తీయడం వల్ల పరికరం తప్పులే పటంలో చిన్న చిన్న వంకరలుగా చేరతాయి తప్ప హద్దు మెరుగుపడదు.

వాగు హద్దు అయినప్పుడు ఇవతలి ఒడ్డా, నడి వాగా, అవతలి ఒడ్డా అన్నది తప్పనిసరిగా అడిగి రాయాలి. వాగు దారి మారిందని పెద్దలు చెబితే పాత పాయను కూడా చూపించమని అడిగి, దానికి వేరుగా పాయింట్లు తీయండి.

బీడు లోపల ఎవరైనా దున్నిన చెక్క గానీ, బావి గానీ, శ్మశానం గానీ ఉంటే బయటి హద్దును దాని చుట్టూ మెలి తిప్పకండి. బయటి హద్దు పూర్తయ్యాక లోపలి చెక్కకు వేరే వరుసతో ఇంకొక చుట్టు తీయండి. రెండూ విడివిడిగా ఉంటేనే మొత్తం బీడు ఎంత, ఇప్పుడు మేతకు మిగిలింది ఎంత అన్న రెండు ప్రశ్నలకూ జవాబు దొరుకుతుంది.

మీ కాళ్లు ఎక్కడ ఉన్నాయి?

ఈ పనిలో నేను అన్నిటికంటే గట్టిగా చెప్పదలచినది ఇదే. ఉపగ్రహాల లోపం కంటే, నిలబడిన చోటు సరికాకపోవడం వల్ల వచ్చే లోపమే బీడును ఎక్కువగా కుదిస్తుంది.

లెక్క వేసి చూడండి. బీడు ఒక్కొక్క వైపు 400 మీటర్ల చదరం అనుకుందాం, అంటే 16 హెక్టార్లు. నాలుగు మూలల్లోనూ పరికరం తలా ఒక దిశలో సుమారు 5 మీటర్లు తప్పు చూపినా, ఒక మూల లోపలికి, ఒక మూల బయటికి జరిగి ఆ తప్పులు కొంతవరకు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. విస్తీర్ణంలో వచ్చే తేడా సాధారణంగా 0.2 హెక్టారు ప్రాంతంలోనే ఉంటుంది. అన్ని పాయింట్లూ కలిసి ఒకే వైపు 5 మీటర్లు జరిగితే విస్తీర్ణం అసలు మారనే మారదు. కానీ చుట్టూ ముళ్లకంచె ఉందని మీరు ప్రతి చోటా దానికి 5 మీటర్లు ఇవతలే నిలబడ్డారనుకోండి. అప్పుడు చదరం వైపు 390 మీటర్లవుతుంది, విస్తీర్ణం 15.21 హెక్టార్లకు దిగుతుంది. దాదాపు రెండు ఎకరాల మేత భూమి పటంలోంచి జారిపోయింది, పైగా పరికరం ప్రతి పాయింట్ దగ్గరా మంచి కచ్చితత్వమే చూపింది.

ఇది మా మొదటి విడతలో జరిగింది. మేము నున్నగా ఉన్న దారి పట్టుకొని కంచె వెంట చుట్టూ తిరిగాము. సాయంత్రం లెక్క చూస్తే రికార్డులో ఉన్నదానికంటే విస్తీర్ణం బాగా తగ్గింది, రికార్డే తప్పని మాలో మేము అనుకున్నాము కూడా. మర్నాడు ఒక కాపరి మా పటం చూసి, "మీరు నడిచింది గొడ్ల బాట బాబూ, హద్దు ఆ కంచె కింద ఉన్న పాత గట్టు" అన్నాడు. కంప పక్కకు తీసి చూపిస్తే మోకాలి ఎత్తు మట్టి గట్టు నిజంగానే ఉంది. కంచె ఏటేటా బీడు వైపు పెరుగుతూ వచ్చింది, పశువులు దానికి ఎడంగా నడిచాయి, మేము పశువుల వెనక నడిచాము. మూడు వైపులా మళ్లీ తీయవలసి వచ్చింది.

కాబట్టి కంచె కనిపించిన చోట హద్దు కంచెకు ఇవతలా, మధ్యలోనా, అవతలా అని అడగండి, కింద గట్టు గానీ కందకం గానీ ఉందేమో కర్రతో తడిమి చూడండి. హద్దు మీద నిలబడలేకపోతే దానికి ఎదురుగా, లంబంగా నిలబడి పాయింట్ తీసి, మీ కాళ్ల నుంచి హద్దు వరకు టేపుతో కొలిచి రాయండి. బీడు కుడి చేతి వైపు ఉండేలా నడుస్తున్నారు కనుక, మీరు బీడు లోపల ఉన్నంతవరకు హద్దు ఎప్పుడూ ఎడమ చేతి వైపే ఉంటుంది. "ఎడమ 4 మీ." అన్న చిన్న రాత చాలు, పటం గీసేవారు ఆ మేరకు గీతను బయటికి జరుపుతారు. టేపు చేరని చోట అంచనా వేస్తే "అంచనా" అని పక్కనే రాయండి.

పుస్తకంలో రాత

ఒక భాగం నడిచి చూద్దాం. 7వ పాయింట్ దగ్గర నిలువుగా పాతిన హద్దురాయి ఉంది, తల మీద చెక్కిన గుర్తు చేతితో తడిమితే తెలుస్తుంది. పొలం రైతూ, కాపరీ ఇద్దరూ అదే హద్దని ఒప్పుకున్నారు. పుస్తకంలో ఇలా రాస్తారు: "7. రాయి, నిలిచి ఉంది, తలపై గుర్తు. కచ్చితత్వం 4. రాయిని ఆనుకొని నిలబడ్డాను. ఇరువైపులా ఒప్పుకున్నారు. ఫొటోలు రెండు."

8వ చోట రాయి లేదు. ఒక పుట్ట పక్కన రాయి పడి ఉంది, దానికి 3 మీటర్ల దూరంలో గడ్డి పూడ్చేసిన చిన్న గుంత ఉంది. పడి ఉన్న రాయి దగ్గర పాయింట్ తీసి ముందుకు పోవడం తేలికే, కానీ రాయి ఎక్కడ పడిందన్నది హద్దు కాదు, ఎక్కడ పాతారన్నదే హద్దు. గుంతను 8 అనీ, పడిన రాయిని 8అ అనీ రెండూ తీసి, "రాయి ఈ గుంతలోదేనని కాపరి చెప్పారు, రైతు చెప్పలేనన్నారు" అని రాయండి. రాయిని ఎత్తి గుంతలో నిలబెట్టకండి. సున్నం పూయడం, కొయ్యలు పాతడం కూడా వద్దు. రేపు సర్వేయరు వచ్చి చూసేటప్పుడు అక్కడ మీ చేతి పని ఉండకూడదు.

7 నుంచి 8కి టేపు మూడుసార్లు పరిచి కొలిస్తే 62 మీటర్లు వచ్చింది. పాయింట్ల లెక్కన దూరం 66 మీటర్లు. రెండు రీడింగులలోనూ తలా 5 మీటర్ల లోపం ఉండవచ్చు కనుక ఈ తేడా మామూలే. అదే 80 అని వచ్చి ఉంటే రెండింటిలో ఒకటి చెడ్డదని తెలుసుకొని అక్కడికక్కడే మళ్లీ తీయాలి. అందుకే చుట్టు మొత్తంలో కనీసం రెండు మూడు చోట్ల ఇలా టేపుతో సరిచూడమంటాను.

9 నుంచి 10 వరకు ముళ్లకంచె. 9 దగ్గర "ఎడమ 4 మీ.", 10 దగ్గర కంప దట్టంగా ఉండడంతో "ఎడమ 6 మీ., అంచనా". 10 తర్వాత తగాదా మొదలవుతుంది. హద్దు కందకమని కాపరులు, కందకానికి ఇవతల ఉన్న రాళ్ల వరుస అని రైతు. ఇక్కడ మీరు చేయవలసింది రెండు గీతలనూ నడవడం. కందకం వెంట ఒక వరుస, రాళ్ల వెంట ఇంకొక వరుస తీసి, ఏది ఎవరు చెప్పారో రాసి, రెండూ మళ్లీ కలిసే చోట ఒకే పాయింట్‌తో ముగించండి. పుస్తకంలో "కాపరులు", "ఆనుకొని ఉన్న రైతు" అని రాస్తే చాలు, నలుగురికీ వెళ్లే ఫైలులో ఎవరి పేర్లూ ఉండనవసరం లేదు. రెండు గీతలకూ మధ్యగా మీరే ఒక గీత ఊహించి గీయడం అన్నిటికంటే చెడ్డది, ఎందుకంటే అది ఎవరూ చెప్పని హద్దు.

ముగింపు, సాయంత్రం పరిశీలన

చుట్టు పూర్తయ్యాక 1వ రాయి దగ్గరే మళ్లీ పాయింట్ తీయండి. గంటల తర్వాత తీసిన ఈ రెండో రీడింగుకూ మొదటిదానికీ మధ్య ఎంత దూరం వచ్చిందో చూస్తే ఆ రోజు మీ పరికరం తీరు అర్థమవుతుంది. 3, 4 మీటర్లయితే నిశ్చింతగా ఉండవచ్చు. 10 దాటితే కచ్చితత్వం అంకె ఎక్కువగా చూపిన పాయింట్లను మొదటగా అనుమానించండి.

ఫైలును అదే సాయంత్రం GPX రూపంలో తీసి, ఒక ప్రతిని ఎవరూ ముట్టకుండా పక్కన పెట్టండి. సవరణలన్నీ రెండో ప్రతిలోనే జరగాలి. పుస్తకం పేజీలను కూడా ఫొటో తీసి దానితో కలిపి ఉంచండి. తర్వాత పాయింట్లను ఉపగ్రహ చిత్రం మీద వేసి చూడండి. ఒక పాయింట్ ఒంటరిగా గీత వదిలి దూరంగా పడితే, వరుస సంఖ్య తప్పితే, వాగు అవతల ఉండవలసినది ఇవతల పడితే వెంటనే కనిపిస్తుంది. అయితే చిత్రంలో కనిపించే గట్టు మీదకు మీ పాయింట్లను లాగి సర్దకండి. ఆ చిత్రం కూడా కొన్ని మీటర్లు పక్కకు జరిగి ఉండవచ్చు. పాయింట్లన్నీ ఒకే వైపు ఒకే మేర జరిగినట్టు కనిపిస్తే తప్పు చాలాసార్లు చిత్రానిదే అవుతుంది.

మళ్లీ తీయవలసిన పాయింట్ల జాబితాను ఆ రాత్రే రాసుకొని, మర్నాడు మొదటి రోజుకు భిన్నమైన వేళలో వెళ్లి వాటిని తీయండి. కొత్త రీడింగు వచ్చిందని పాతదాన్ని చెరపకండి. 10వ పాయింట్ రెండోసారి తీస్తే 10-2 అని పేరు పెట్టి, టేపుతో కొలిచిన దూరం ఈసారి దొరికితే నిన్నటి "అంచనా" పక్కన దాన్ని తేదీతో సహా చేర్చండి.